కలెక్టరుకు పై మెట్టు

హనుమకొండలో సుబేదారి అని ఒక పేట ఉంది. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే చాలు, డ్రైవరు ఇంకేమీ అడగడు. సుబేదారు అంటే ఎవరు, ఆ పేటకు ఆ పేరెందుకు వచ్చింది అని అడిగితే మాత్రం చెప్పేవాళ్లు తక్కువ. నిజాం కాలంలో సుబేదారు అంటే ఇప్పటి లెక్కలో కలెక్టరు మీద అధికారి. అప్పట్లో జిల్లాను చూసే అధికారిని అవ్వల్ తాలూక్‌దారు అనేవారు. మూడు నాలుగు జిల్లాలు కలిస్తే ఒక సుబా. ఆ జిల్లాల తాలూక్‌దార్లందరికీ పైన సుబేదారు. వరంగల్ సుబా కింద వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఉండేవి. ఆ సుబేదారు కచేరీ, బంగళా ఉన్న చోటే సుబేదారి. పదవి ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది.

విచిత్రం ఏమిటంటే అదే హైదరాబాద్ రాజ్యంలోని మరో రెండు సుబాల్లో ఆ పదవి పోలేదు. ఔరంగాబాద్ సుబా మహారాష్ట్రలో కలిసింది, గుల్బర్గా సుబా కర్ణాటకలో కలిసింది. పేర్లు, సరిహద్దులు కాస్త మారాయి గానీ రెండు చోట్లా జిల్లాల మీద ఆ మెట్టు ఇవాళ్టికీ ఉంది. ఛత్రపతి శంభాజీనగర్‌గా పేరు మారిన ఔరంగాబాద్‌లో కూర్చునే డివిజనల్ కమిషనర్ కింద మరాఠ్వాడాలోని 8 జిల్లాలు ఉన్నాయి. కలబురగిలో ఉండే రీజినల్ కమిషనర్ కింద 7 జిల్లాలు ఉన్నాయి. ఆ మెట్టు లేనిది తెలుగు భాగంలోనే.

ముందు ఒక మాట తికమక తీర్చుకోవాలి. మన దగ్గర రెవెన్యూ డివిజన్ అంటే జిల్లా కంటే చిన్నది. కొన్ని మండలాలు కలిస్తే డివిజన్, దాని మీద ఆర్డీఓ లేదా సబ్ కలెక్టర్. గోదావరి దాటి నాందేడ్ వైపు వెళితే అదే మాట తలకిందులవుతుంది. అక్కడ డివిజన్ అంటే జిల్లాల గుంపు. ఉత్తరప్రదేశ్‌లో దాన్ని మండలం అంటారు, అదీ మనకు ఇంకో తికమకే. అక్కడి 75 జిల్లాలు 18 మండలాలుగా ఉన్నాయి. ఒడిశాలో 30 జిల్లాలకు ముగ్గురు రెవెన్యూ డివిజనల్ కమిషనర్లు, ఒక్కొక్కరికి పదేసి జిల్లాలు. వారిలో దక్షిణ ప్రాంతం చూసే అధికారి మకాం బరంపురం. అక్కడి తెలుగువాళ్లు ఆర్డీసీ అని మాట్లాడుకుంటుంటే శ్రీకాకుళం నుంచి వెళ్లిన చుట్టానికి ఆర్డీఓ అనే వినిపిస్తుంది. ఇద్దరికీ మధ్య రెండు మెట్ల తేడా. ఇక కమిషనరేట్ అన్నామంటే మన చెవికి ముందు తట్టేది పోలీసులే. ఇక్కడ మాట్లాడుతున్నది వాళ్ల గురించి కాదు.

ఈ మెట్టు పుట్టింది 1829లో, బెంగాల్ ప్రెసిడెన్సీలో. గవర్నర్ జనరల్ బెంటింక్ ముందు అప్పుడు రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఊరూరా తిరిగి నేరాల విచారణ జరిపే సర్క్యూట్ కోర్టుల్లో కేసులు పేరుకుపోయాయి. జడ్జీలు వచ్చేదాకా నిందితులు ఠాణాలో మగ్గేవారు. రెండు, రెవెన్యూ బోర్డుకు దూరపు జిల్లాల్లో కలెక్టరు ఏం చేస్తున్నాడో తెలిసేది కాదు. రైలు లేదు, తంతి లేదు. బెంటింక్ ఆ సర్క్యూట్ కోర్టులను ఎత్తేసి, ప్రెసిడెన్సీని 20 డివిజన్లుగా కోసి, ఒక్కోదానికి ఒక కమిషనర్‌ను పెట్టాడు. రెవెన్యూ అండ్ సర్క్యూట్ కమిషనర్ అని పేరు. కలెక్టర్ల మీద అజమాయిషీ, పెద్ద నేరాల విచారణ రెండూ ఆయనకే అప్పగించాడు. ఇద్దరు మనుషుల పని ఒకరి నెత్తిన పెడితే ఏమవుతుందో అదే అయింది. రెండేళ్లకే, 1831లో, విచారణల పని జిల్లా జడ్జీలకు మళ్లడం మొదలైంది. కమిషనర్‌కు మిగిలింది పర్యవేక్షణ, అప్పీళ్లు. దాదాపు రెండు శతాబ్దాలుగా ఆ పదవి సారం ఆ రెండే.

మద్రాసు ప్రెసిడెన్సీ ఈ దారి తొక్కలేదు. అక్కడ 1786లోనే రెవెన్యూ బోర్డు పెట్టారు. కలెక్టర్లు నేరుగా మద్రాసులోని బోర్డుకే రాసుకునేవారు. జిల్లాలు పెద్దవి, వాటి సంఖ్య తక్కువ. భారాన్ని పైన పంచే బదులు కింద పంచారు. జిల్లాను ముక్కలు చేసి సబ్ కలెక్టర్లకు, డిప్యూటీ కలెక్టర్లకు ఇచ్చారు. ఆ ముక్కలే మన డివిజన్లు. అంటే ఒకే మాటను బెంగాల్ వాళ్లు జిల్లాలను కలపడానికి వాడితే, మద్రాసు వాళ్లు జిల్లాను విడగొట్టడానికి వాడారు. మన ఆర్డీఓ ఆ రెండో వాడుక వారసుడు.

అయితే ఆంధ్ర దేశం కూడా ఒకసారి కమిషనర్‌ను చూసింది. 1832–33లో గుంటూరు సీమను తినేసిన డొక్కల కరువు తర్వాత అక్కడి జమీందారీలు అప్పుల్లో మునిగాయి, శిస్తు బకాయిలు పేరుకుపోయాయి. ఏం చేయాలో మద్రాసు బోర్డుకు దూరం నుంచి అంతుపట్టలేదు. చివరికి 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారిని ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా వేశారు. ఆయన 1854 దాకా ఉన్నాడు. ఆ పేరు మనవాళ్లలో కొందరు వినే ఉంటారు, కాకపోతే వేరే కారణంగా. అమరావతి దిబ్బ తవ్వించి శిల్పాలు తీయించింది ఆయనే. ఎలియట్ మార్బుల్స్ అని పేరుపడ్డ ఆ పాలరాళ్లు మద్రాసు మీదుగా లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరాయి. రాళ్లు గుర్తున్నాయి గానీ ఆయన ఆ మూలకు ఏ ఉద్యోగం మీద వచ్చాడో మరిచిపోయాం. గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. మధ్య మెట్టు మాకు అక్కర్లేదనుకున్న మద్రాసు ప్రభుత్వం కూడా, నాలుగైదు జిల్లాలు ఒకేసారి చెడినప్పుడు దాన్నే పెట్టాల్సి వచ్చింది.

1956లో తెలంగాణ, ఆంధ్ర కలిసినప్పుడు మద్రాసు అలవాటే నిలబడింది. హైదరాబాద్‌లో రెవెన్యూ బోర్డు, దాని కింద నేరుగా కలెక్టర్లు. 1977లో ఆ బోర్డును కూడా తీసేసి కమిషనర్లను పెట్టారు. వాళ్లు జిల్లాల గుంపుకు కమిషనర్లు కారు, రాష్ట్రమంతటికీ ఒక్కో విషయం మీద కమిషనర్లు. నేటి భూపరిపాలన ప్రధాన కమిషనర్, జనం నోట్లో సీసీఎల్ఏ, ఆ వరసలోని వాడే. బోర్డు పోయి అర్ధశతాబ్దం కావస్తున్నా దాని స్టాండింగ్ ఆర్డర్ల పుస్తకం తహసీల్దారు ఆఫీసుల్లో ఇంకా తిరగేస్తూనే ఉన్నారు.

ఇంతకీ ఈ కమిషనర్ చేసే పనేమిటి? దగ్గరలో ఉన్న మరాఠ్వాడానే తీసుకుందాం. నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకాలో, తెలంగాణ సరిహద్దులో, తెలుగు మాట్లాడే పల్లెలున్నాయి. అక్కడ ఒక కుటుంబం ఉందనుకుందాం. తండ్రి పోయాడు. ఆరెకరాల భూమి, ఇద్దరు కొడుకులు, పెళ్లయి నిజామాబాద్ వెళ్లిపోయిన ఒక కూతురు. అన్నదమ్ములు తమ ఇద్దరి పేర్లే రాయించుకున్నారు. తలాఠీ, అంటే అక్కడి వీఆర్ఓ, మార్పును ఫేర్‌ఫార్ రిజిస్టర్‌లో ఎక్కించాడు. చావడిలో కాగితం అంటించాడు. అక్కకు నోటీసు పంపినట్టు రాసుకున్నాడు. సర్కిల్ అధికారి ఆమోద ముద్ర వేశాడు. ఆమెకు తెలిసింది మూడు వారాల తర్వాత, బ్యాంకు లోను కోసం తమ్ముడు తీసిన కాగితం చూశాక.

ఆమె మొదటి అప్పీలు సబ్ డివిజనల్ అధికారి దగ్గర. మహారాష్ట్ర భూమి శిస్తు నియమావళి 1966 ప్రకారం కలెక్టరు కంటే కింది అధికారి ఇచ్చిన ఆర్డరు మీద 60 రోజుల్లో అప్పీలు వేయాలి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని వేరే అర్జీ పెట్టుకోవాలి. చాలా కేసులు ఈ అర్జీ దగ్గరే ఏళ్లు నిలబడతాయి. సబ్ డివిజనల్ అధికారి ఆమె పేరు ఎక్కించమన్నాడనుకోండి, తమ్ముళ్లు జిల్లా కేంద్రానికి వెళతారు. అక్కడ సాధారణంగా అదనపు కలెక్టర్ వింటాడు. ఆయన ఆర్డరు తిరగేశాడు. ఇప్పుడు ఆమెకు పై మెట్టు డివిజనల్ కమిషనర్. కలెక్టరు స్థాయి ఆర్డరు మీదైతే గడువు 90 రోజులు. ఒక అప్పీలు అప్పటికే అయిపోయింది కాబట్టి చాలాసార్లు ఇక్కడికి వచ్చేది రివిజన్ రూపంలో. వినేది ఎక్కువగా అదనపు కమిషనర్.

ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ పదవి స్వభావం తెలుస్తుంది. కమిషనర్ మళ్లీ సాక్షులను పిలవడు, ఊరికి వెళ్లడు. కింది నుంచి ఫైలు తెప్పించుకుంటాడు. నోటీసు నిజంగా అందిందా? సంతకం ఎవరిది? అభ్యంతరం వస్తే వివాదాల రిజిస్టర్‌లో ఎక్కించి విచారించారా, లేక మామూలు మార్పులా ముద్ర కొట్టారా? అదనపు కలెక్టర్ తన నిర్ణయానికి కారణాలు రాశాడా? ఈ ప్రశ్నలతోనే ఆయన పని. మన కథలో నోటీసు మీద ఉన్నది అక్క సంతకం కాదని తేలితే ఆయన ఆ నమోదు రద్దు చేసి, మళ్లీ విచారించమని కింది అధికారికి తిప్పి పంపవచ్చు. అంతవరకూ అమ్మకాలు జరగకుండా స్టే ఇవ్వవచ్చు. స్టే అడగకుండా అప్పీలు ఒక్కటే వేసిన వాళ్లు నష్టపోతారు. వాయిదాలు నడుస్తుండగానే భూమి చేతులు మారిపోతుంది.

ఆయన చేయలేనిది ఇంకా ముఖ్యం. భూమి ఎవరిదో తేల్చే అధికారం ఆయనకు లేదు. రెవెన్యూ రికార్డులో పేరుంటే హక్కు ఉందని కోర్టు ప్రాథమికంగా అనుకుంటుంది, అంతే. కాదని రుజువు చేస్తే ఆ అనుకోవడం చెల్లదు. వాటా తేల్చాల్సింది సివిల్ కోర్టు. ఇది తెలియక కమిషనర్ దాకా వెళ్లి గెలిచి, ఇక భూమి వచ్చేసిందనుకుని, సివిల్ దావాలో కాలపరిమితి దాటించుకున్న వాళ్లు ఉంటారు. కమిషనర్ ఆర్డరు నచ్చకపోతే ముంబై మంత్రాలయం, అదీ నచ్చకపోతే హైకోర్టు. బాంబే హైకోర్టు బెంచీ కమిషనర్ ఉండే నగరంలోనే ఉంది కాబట్టి ధర్మాబాద్ మనిషికి ఒకే దారి అలవాటవుతుంది. ఆ దారి 300 కిలోమీటర్ల పైమాటే.

ఇదే కథ మన దగ్గర జరిగితే? పట్టాదారు పాసు పుస్తకాల 1971 చట్టం కింద ఆంధ్రలో తహసీల్దారు మీద ఆర్డీఓకు అప్పీలు, ఆ పైన జాయింట్ కలెక్టరు రివిజన్. ఆ పైన రిట్ పిటిషన్‌తో నేరుగా హైకోర్టు. మధ్యలో కమిషనర్ లేడు. ఒక మెట్టు తగ్గినందుకు కేసు త్వరగా తెగాలి. కానీ నోటీసు అందలేదన్న చిన్న తప్పును సరిదిద్దుకోవడానికి కూడా రైతు వకీలును పెట్టుకుని హైకోర్టు తలుపు తట్టాల్సి వస్తోంది. అక్కడ గుమస్తా తప్పుకు, రాజ్యాంగ ప్రశ్నకు ఒకే వరస. నాకు తెలిసిన ఒక రిటైర్డ్ డిప్యూటీ కలెక్టర్ ఈ మాటే అన్నాడు: "మెట్టు తీసేస్తే మెట్లు తగ్గుతాయి నాయనా, ఎత్తు తగ్గదు."

అప్పీళ్లు కమిషనర్ పనిలో కంటికి కనబడే భాగం. రెండో భాగం పోల్చి చూడటం. కరువు సంవత్సరం వస్తే ఇది తెలుస్తుంది. మన పెద్దలు అనావారీ అనేవారు. పదహారణాల పంట పండాల్సిన చోట ఎన్ని అణాలు పండిందని అంచనా. మహారాష్ట్రలో దీన్ని ఇప్పుడు పైసల్లో చెబుతారు, పైసేవారీ అంటారు. ఊళ్లో కొన్ని చేలు ఎంచి, కొలిచిన ముక్కలో పంట కోసి, తూకం వేసి, మామూలు దిగుబడితో పోలుస్తారు. 50 పైసలకు తగ్గితే ఊరు కరువు జాబితా వైపు జరుగుతుంది. శిస్తులో రాయితీ, కరెంటు బిల్లులో రాయితీ, పిల్లలకు పరీక్ష ఫీజు మాఫీ లాంటివి దీన్ని పట్టుకుని వస్తాయి. తర్వాత వర్షపాతం, నేలలో తేమ, ఉపగ్రహ చిత్రాలు కూడా లెక్కలోకి వచ్చాయి గానీ పైసేవారీ ఇంకా పోలేదు.

మరాఠ్వాడాలో సుమారు 8,500 ఊళ్లున్నాయి. 8 మంది కలెక్టర్లు ఎవరి లెక్క వాళ్లు పంపిస్తారు. ఎమ్మెల్యే ఒత్తిడి ఉన్న జిల్లాలో అంకె 48కి దిగుతుంది, కలెక్టరు గట్టిగా ఉన్న జిల్లాలో 53 దగ్గర ఆగుతుంది. జిల్లా హద్దుకు ఇటూ అటూ ఉన్న రెండు ఊళ్లు, ఒకే వాగు, ఒకే మబ్బు, ఒకటి కరువు ఊరు, రెండోది కాదు. ఏ కలెక్టరుకూ పక్క జిల్లా ఫైలు కనబడదు. ముంబైలో ఉన్న కార్యదర్శికి అన్ని జిల్లాలూ కనబడతాయి గానీ ఆ వాగు కనబడదు. రెండూ ఒకేసారి బల్ల మీద పెట్టుకోగలిగింది మధ్యలోని ఆఫీసు. హద్దుకు రెండు వైపులా అంకెలు ఒక్కసారిగా ఎగిరితే, మళ్లీ చూడండని వెనక్కి పంపగలిగేదీ అదే.

ఇవికాక పనులు చిల్లరమల్లరగా చాలా ఉన్నాయి. కలెక్టరేట్ల వార్షిక తనిఖీ, దుష్ప్రవర్తన రుజువైతే సర్పంచ్‌ను తొలగించడం, పట్టభద్రుల, ఉపాధ్యాయుల ఎమ్మెల్సీ ఎన్నికలకు రిటర్నింగ్ అధికారిగా ఉండటం. ఆ నియోజకవర్గం నాలుగైదు జిల్లాల మీద పరుచుకుని ఉంటుంది కాబట్టి కమిషనర్‌కే సహజంగా పడుతుంది. మన దగ్గర కమిషనర్ లేడు కనుక అదే పని ఏదో ఒక జిల్లా కలెక్టరుకు అప్పగిస్తారు. మిగతా జిల్లాల కలెక్టర్లు, తమతో సమానమైన వాడికే, ఆ నెల పాటు లెక్కలు చెబుతారు.

ఈ ఆఫీసు బలహీనత కూడా మరాఠ్వాడాలోనే చూడొచ్చు. 2016 వేసవిలో లాతూర్ పట్టణానికి తాగునీళ్లు లేక రైల్లో తెప్పించారు. ఏప్రిల్‌లో మొదటి రైలు 10 ట్యాంకు వ్యాగన్లలో 5 లక్షల లీటర్లు తెచ్చింది. నీళ్లు నింపింది సుమారు 340 కిలోమీటర్ల దూరంలోని మిరజ్‌లో. లాతూర్ ఔరంగాబాద్ డివిజన్‌లోది, మిరజ్ పుణె డివిజన్‌లోది, రైలు కేంద్రానిది. కమిషనర్ గీత తన 8 జిల్లాల దగ్గర ఆగిపోతుంది. జాయక్‌వాడీ ప్రాజెక్టుకు ఎగువ నుంచి నీళ్లు వదలాలన్న గొడవలోనూ ఇదే వరస. ఎగువన నాసిక్ డివిజన్, దిగువన ఔరంగాబాద్ డివిజన్. అక్కడ కమిషనర్లిద్దరూ తమ తమ జిల్లాల తరఫు వకీళ్లలా మిగిలిపోతారు, తేల్చేది పైవాళ్లే. సొంత బడ్జెట్ చిన్నది, ఊళ్లో తనకంటూ సిబ్బంది లేరు, ఎన్నికైన సభ లేదు. కలెక్టరు మాట వినకపోతే ఆయన చేయగలిగింది ఉత్తరం రాయడం.

అందుకే దీన్ని తీసేద్దామన్న ఆలోచన ప్రతి తరంలోనూ వస్తుంది. బొంబాయి రాష్ట్రం 1950లో చట్టం చేసి కమిషనర్లను రద్దు చేసింది. తెల్లదొరల కాలపు మిగులు, ఫైళ్లకు అదనపు మజిలీ అన్నారు. ఆరేళ్లు తిరిగేసరికి రాష్ట్రాల పునర్విభజన వచ్చింది. మరాఠ్వాడా, విదర్భ, సౌరాష్ట్ర, కచ్ అన్నీ బొంబాయిలో కలిశాయి. కచ్ ఎడారి నుంచి చంద్రపూర్ అడవుల దాకా జిల్లాలు ఒకే సచివాలయం కిందికి వచ్చాయి. హైదరాబాద్ చట్టాలతో నడిచిన జిల్లాలు, మధ్యప్రదేశ్ చట్టాలతో నడిచినవి, సంస్థానాల పద్ధతిలో నడిచినవి. 1958లో కమిషనర్లు మళ్లీ వచ్చారు. 1960లో విడిపోయాక మహారాష్ట్ర ఆ పదవిని ఉంచుకుంది, గుజరాత్ వదిలేసుకుంది. రెండూ బాగానే బతుకుతున్నాయి కాబట్టి ఎవరి వాదన వాళ్లకు ఉంది.

పాకిస్థాన్‌లో ముషర్రఫ్ 2001లో స్థానిక సంస్థలకు అధికారం ఇస్తున్నామంటూ డివిజన్లను తుడిచేశాడు. జిల్లాకు ఎన్నికైన నాజిమ్ వచ్చాడు. 2008 తర్వాత పౌర ప్రభుత్వాలు రాగానే ఒక్కో రాష్ట్రం కమిషనర్లను తిరిగి పెట్టుకుంది. ఇందులో పరిపాలన అవసరం ఎంత, ఉద్యోగస్వామ్యం పంతం ఎంత, ఎన్నికైన జిల్లా నాయకుల మీద రాష్ట్రాల అనుమానం ఎంత అన్నది విడదీయడం కష్టం. మూడూ ఉన్నాయని నా అభిప్రాయం.

ఇది మన ఉపఖండానికి తెల్లవాళ్లు అంటగట్టిన జబ్బు కాదనడానికి జర్మనీ ఉంది. ప్రష్యా 1800ల మొదట్లోనే జిల్లాలకు, రాష్ట్రానికి మధ్య ఇలాంటి ప్రాంతాలు ఏర్పరిచింది. ఇవాళ జర్మనీలో నాలుగు రాష్ట్రాల్లో మొత్తం 19 ఉన్నాయి. అక్కడ దీనికి చెప్పే కారణం మన కారణం కంటే కాస్త వేరు. ఒక రసాయన ఫ్యాక్టరీకి అనుమతి కావాలంటే నీటి శాఖ, గాలి కాలుష్యం, కార్మిక భద్రత, ప్రకృతి సంరక్షణ అన్నీ ఒప్పుకోవాలి. జిల్లా ఆఫీసులో అంత నైపుణ్యం ఉండదు. రాజధానిలో అయితే నాలుగు మంత్రిత్వ శాఖల చుట్టూ తిరగాలి. మధ్య మెట్టులో ఈ శాఖల నిపుణులందరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టి, కట్ట కట్టినట్టు ఒకే నిర్ణయం ఇప్పిస్తారు. టీచర్ల నియామకాలు, మున్సిపాలిటీల మీద పర్యవేక్షణ, ప్రాంతీయ ప్రణాళిక కూడా అక్కడే.

అందులో లోయర్ సాక్సనీ రాష్ట్రం ఖర్చు తగ్గిద్దామని 2005 మొదట్లో తన నాలుగు ప్రాంతీయ ప్రభుత్వాలనూ మూసేసింది. పనులు పోలేదు. కొన్ని మంత్రిత్వ శాఖలకు పైకి వెళ్లాయి, కొన్ని జిల్లాలకు దిగాయి, మిగిలినవి ఒక్కో విషయానికి ఒక్కో ప్రత్యేక ఆఫీసుగా చీలాయి. ముందు ఒక కట్టగా ఉన్నది విడి పుల్లలైంది. 2014లో అదే రాష్ట్రం నాలుగు ప్రాంతాలకు నలుగురు ప్రత్యేక ప్రతినిధులను వేసింది. పాత అధికారాలన్నీ ఇవ్వలేదు, ప్రాంతీయాభివృద్ధి మాత్రం అప్పగించింది. ప్రాంతాలు దాదాపు పాతవే.

చైనాలో అంకెలే కథ చెబుతాయి. 31 ప్రాంతీయ ప్రభుత్వాలు, వాటి కింద సుమారు 2,800 కౌంటీ స్థాయి ముక్కలు. సగటున ఒక్కో రాష్ట్రానికి 90. ఏ గవర్నరూ 90 మందితో నేరుగా మాట్లాడలేడు. అందుకని మధ్యలో 330కి పైగా ప్రిఫెక్చర్లు, నగరాలు. మొదట్లో అవి మన కమిషనరేట్ లాంటివే, రాష్ట్రం పంపిన ఆఫీసులు. 1980ల నుంచి వాటిని పెద్ద నగరాల్లో కలిపి, నగర ప్రభుత్వానికే చుట్టుపక్కల కౌంటీలను అప్పగించడం మొదలైంది. అప్పుడు కొత్త ఫిర్యాదు పుట్టింది. మధ్య మెట్టుకు సొంత ఖజానా, సొంత ఆశలు వచ్చాక, కౌంటీలకు రావాల్సిన డబ్బు అది తన నగరానికి మళ్లించుకోవడం. జెజియాంగ్ రాష్ట్రం మాత్రం డబ్బు లెక్కలు నేరుగా కౌంటీలతోనే నడుపుతూ వచ్చింది. మన కమిషనర్‌కు డబ్బు లేక బలహీనత, వాళ్ల నగరానికి డబ్బు ఉండి ఆశ.

కాబట్టి ఏ దేశమైనా ఈ మెట్టు పెట్టుకుందా లేదా అన్నది ముందు ఒక లెక్క మీద ఆధారపడుతుంది. ఒక మనిషి ఎంతమంది కలెక్టర్లను పేరు పెట్టి, ఫైలు గుర్తు పెట్టుకుని నడపగలడు? పది, పదిహేను అయితే కష్టం లేదు. మద్రాసు పద్ధతి అందుకే నడిచింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. జిల్లా చిన్నదైతే జనానికి కలెక్టరు దగ్గరవుతాడు, నిజమే. కలెక్టరుకు రాజధాని దూరమవుతుంది. 10 మందితో జరిగే సమీక్ష 33 మందితో జరిగితే తెర మీద చిన్న చిన్న గళ్లలో మొహాలు మిగులుతాయి.

ఆ లోటును ఎవరో ఒకరు పూడుస్తూనే ఉన్నారు. వరద వస్తే సీనియర్ ఐఏఎస్‌లను ప్రత్యేక అధికారులుగా జిల్లాలకు పంపుతారు. తెలంగాణలో జిల్లాలు 33 అయినా పార్టీ సమీక్షలు, ఇన్‌ఛార్జి మంత్రుల పర్యటనలు, పత్రికల వార్తలు ఇంకా ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి వరంగల్ అనే లెక్కలోనే నడుస్తున్నాయి. ఉమ్మడి జిల్లా అనే మాటకు చట్టంలో ఆఫీసు లేదు, బోర్డు లేదు, అప్పీలు వినే గది లేదు. వాడుక మాత్రం ఉంది. కమిషనరేట్ పెట్టాలని నేను వాదించడం లేదు. ఇప్పటికే పేరుకున్న అప్పీళ్లకు ఇంకో వాయిదా గది కలుస్తుందన్న భయం నాకూ ఉంది. కానీ ఇన్‌ఛార్జి మంత్రి చేసిన సమీక్షకు రికార్డు ఉండదు, దాని మీద అప్పీలు ఉండదు. కమిషనర్ ఆర్డరుకు రెండూ ఉంటాయి.

ఉన్న చోట అది పనిచేస్తోందా, పోస్టాఫీసులా ముద్ర కొట్టి పంపుతోందా అని తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఒకే కేసు ఎన్నిసార్లు మళ్లీ విచారించండంటూ కిందికి తిరిగొచ్చిందో చూడాలి. మొదటిసారి నోటీసు లోపం మీద వస్తే అది సరైన పనే. రెండోసారి, మూడోసారి కూడా అదే కారణంతో వస్తే పైన ఎవరూ ఫైలు పూర్తిగా చదవడం లేదని అర్థం. మన ధర్మాబాద్ అక్క లాంటి వాళ్లకు అలాంటి ప్రతి తిరుగుడూ ఇంకో రెండేళ్లు, ఇంకో 300 కిలోమీటర్లు. అందుకే మరాఠ్వాడాను చీల్చి రెండో కమిషనరేట్ పెట్టాలన్న డిమాండ్ పాతది. నాందేడ్‌లో పెట్టాలని నాందేడ్ వాళ్లు, లాతూర్‌లో పెట్టాలని లాతూర్ వాళ్లు పట్టుబట్టారు. ఆ పంచాయితీ ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది.

రాజస్థాన్‌ది ఇంకో రకం తొందర. 1960ల మొదట్లో కమిషనర్లను తీసేసి, 1987లో తిరిగి పెట్టుకున్న రాష్ట్రం అది. 2023లో ఎన్నికల ముందు పాలీ, సీకర్, బాంస్‌వాడాలను కొత్త డివిజన్లుగా ప్రకటించారు. ప్రభుత్వం మారింది. 2024 డిసెంబరు చివర్లో ఆ మూడింటినీ, వాటితో పాటు 9 కొత్త జిల్లాలనూ రద్దు చేశారు. గిరిజన ప్రాంతమైన బాంస్‌వాడాలో అప్పీలు వేయాలనుకునే రైతు మళ్లీ ఉదయపూర్ బస్సు ఎక్కుతున్నాడు.